సైలెంట్‌లో పెట్టుకోమని చెప్పేవాళ్ళకి

"అంత విసుగ్గా ఉంటే ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోవచ్చుగా!"

ఈ మాట నాతో అనని వాళ్ళు లేరు. మా వారు అన్నారు, మా మరిది అన్నాడు, ఏడో తరగతి చదివే మా అమ్మాయి కూడా అంది. పొయ్యి మీద పోపు మాడుతుంటే, ఒక చేత్తో గరిటె తిప్పుతూ ఇంకో చేత్తో టింగుమన్న ఫోన్ అందుకుని, అది కుర్తీల మీద డిస్కౌంటని చూసి తల కొట్టుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు ఈ సలహా పారేసి వెళ్ళిపోతారు. చెప్పేవాళ్ళకి అది చాలా తేలిక. వాళ్ళ ఫోన్ మోగకపోతే వాళ్ళ బదులు నా ఫోన్ మోగుతుంది. నాది మోగకపోతే ఎవరిది మోగాలి?

నేను ఆ సలహా విన్నాను. ఒకే ఒక్కరోజు విన్నాను. ఏమైందో చెప్తాను.

శ్రావణమాసం. చీరల సేల్స్ అన్నీ ఒక్కసారే మొదలయ్యాయి. అదే రోజు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ళ ట్యాంకర్ డబ్బులు ఎవరెంత ఇవ్వాలనే దాని మీద యుద్ధం. మూడో అంతస్తు వాళ్ళు ఒకటంటే ఐదో అంతస్తు వాళ్ళు రెండు అంటున్నారు. మధ్యలో మా పెదనాన్న గారి మనవడి పుట్టినరోజు, అందుకని కజిన్స్ గ్రూపులో కేకులు, చప్పట్లు, దీవెనలు. భోజనాలయ్యాక ఒక అరగంట నడుం వాలుద్దామనుకుంటే నిమిషానికో టింగు. విసుగొచ్చి పక్కనున్న బటన్ నొక్కి సైలెంట్‌లో పడేసి, ఫోన్ బోర్లా తిప్పి పడుకున్నాను. లేచాక తీయడం మర్చిపోయాను. బట్టలు మడతపెట్టి, పిల్లల టిఫిన్ పని చూసి, నాలుగూ నలభైకి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

అమ్మ నాలుగు సార్లు చేసింది. రెండుంపావుకి మొదటిది.

అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. నాన్న పోయి ఆరేళ్ళు. పెరట్లో బట్టలుతికే రాయి దగ్గర కాలు జారి పడింది. చెయ్యి ఆనించేసరికి మణికట్టు విరిగింది. నాకు నాలుగు సార్లు చేసి, నేను ఎత్తకపోయేసరికి కేకేస్తే పక్కింటి పిన్నిగారు వచ్చారు. ఆవిడ తన ఫోన్‌లోంచి నాకు ఒకసారి చేశారు. తర్వాత ఆటో మాట్లాడి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఇంతా జరిగి కట్టు కట్టేశాక నాకు తెలిసింది. ఆ అయిదు మిస్డ్ కాల్సూ తెరమీద ఎక్కడున్నాయో తెలుసా? కుర్తీల ఆఫర్ కింద, "మీ కార్ట్ మిమ్మల్ని మిస్ అవుతోంది" కింద, ట్యాంకర్ గొడవ కింద.

నేను ఏడుస్తూ చేస్తే అమ్మ ఏమందో తెలుసా? "పనిలో ఉన్నావేమోలే అనుకున్నానమ్మా." కోప్పడి ఉంటే బాగుండేది.

అందుకే నాకు ఆ సలహా అంటే ఒళ్ళు మండుతుంది. సైలెంట్ బటన్‌కి మనుషులు తెలియరు. దానికి చీరల కొట్టువాడూ ఒకటే, కన్నతల్లీ ఒకటే. ఇల్లు చూసుకునే ఆడదానికి ఆ బటన్ పనికిరాదు. అలాగని అన్నిటికీ తలుపు బార్లా తెరిచి కూర్చోమంటే అదీ కుదరదు. కావలసింది చేట. బియ్యం చెరిగినట్టు చెరిగి, పొట్టు అవతల పారబోసి, గింజ ఉంచుకోవాలి. ఆ చేట మన ఫోన్లలోనే ఉంది. మనకెవరూ చూపించలేదు, అంతే.

ముందు అసలు ఎంత పొట్టు వస్తోందో చూద్దామనుకున్నాను. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో Digital Wellbeing అని ఒకటుంటుంది. ఫోన్ ఎంతసేపు చూశామో చెప్పి మనల్ని సిగ్గుపడేలా చేసేది అదేనని అందరూ దాన్ని తెరవరు. కానీ అందులో డాష్‌బోర్డులోకి వెళ్ళి, పైన Screen time అన్నచోట నొక్కి Notifications received అని మార్చుకుంటే, ఏ యాప్ రోజుకి ఎన్నిసార్లు మనల్ని పిలిచిందో లెక్క కనిపిస్తుంది. నేను ఒక మామూలు మంగళవారం లెక్క క్యాలెండర్ వెనక రాసుకున్నాను. వాట్సాప్ 131. మూడు షాపింగ్ యాప్‌లూ కలిపి 22. వార్తలు 17. కూరలూ టిఫిన్లూ తెచ్చే యాప్‌లు రెండూ 14. మామూలు మెసేజ్‌లు 12. డబ్బులు కట్టే యాప్ 9. మావాడు ఎప్పుడో వేసుకుని వదిలేసిన బొమ్మ కార్ల ఆట 6. స్కూల్ యాప్ 3. మొత్తం 214.

తర్వాత కూర్చుని గుర్తు తెచ్చుకున్నాను: వీటిల్లో నేను చేస్తున్న పని వదిలి అప్పటికప్పుడు లేవాల్సినవి ఎన్ని? నాలుగు. స్కూల్ బస్ ఆలస్యం అని ఒకటి, గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయికి చెప్పాల్సిన ఓటీపీ ఒకటి, బ్యాంకు మెసేజ్ ఒకటి, మా ఆడపడుచు "దారిలో ఉన్నాను, ఇంట్లో ఉన్నావా" అని పెట్టింది ఒకటి. మిగతా రెండు వందల పది ఎవరి అవసరం? నాది కాదు. నా వేలు వాళ్ళ యాప్ మీద పడటం వాళ్ళ అవసరం. నా మధ్యాహ్నపు కునుకు దానికి పెట్టుబడి.

"ఆడవాళ్ళకి ఫోన్ పిచ్చి" అనేవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూడాలి. ఫోన్ దగ్గరికి నేను వెళ్ళిందెన్నిసార్లు, అది నన్ను పిలిచిందెన్నిసార్లు?

సరే, చెరగడం. ఒక పూట కూర్చుని అన్నీ సర్దేద్దామనుకుంటే విసుగొచ్చి మధ్యలో వదిలేస్తాం. నేను చేసింది వేరు. వారం రోజులపాటు, పనికిరాని టింగు వచ్చినప్పుడల్లా దాన్ని పక్కకి తోసేయకుండా, దానిమీదే వేలు గట్టిగా ఆనించి పట్టుకున్నాను. అలా పట్టుకుంటే మోగనివ్వాలా, Silent చేయాలా అని అడుగుతుంది. అక్కడే సెట్టింగ్స్ గుర్తు నొక్కితే ఆ యాప్ పంపే రకాల జాబితా మొత్తం తెరుచుకుంటుంది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచీ ప్రతి యాప్ తన నోటిఫికేషన్లని రకాలుగా విడగొట్టాలి. ఆర్డర్ ఎక్కడుందో చెప్పేది ఒక రకం, ఆఫర్లు ఒక రకం, "మీకు నచ్చవచ్చు" ఒక రకం. ఒక్కోదానికి ఒక్కో మీట. అంటే యాప్ మొత్తం నోరు నొక్కక్కర్లేదు. ఆర్డర్ మాట ఉంచి, ఆఫర్ల మాట ఆపేయొచ్చు. ఈ సంగతి నాకు ఇన్నేళ్ళూ తెలియదు. మీలో ఎంతమందికి తెలుసు?

అయితే ఇక్కడ వాళ్ళ తెలివి చూడండి. నా ఫోన్లో ఉన్న ఒక యాప్ డెలివరీ సమాచారాన్నీ ఆఫర్లనీ ఒకే రకం కింద కలిపేసింది. అది ఆపితే రెండూ ఆగుతాయి, ఉంచితే రెండూ మోగుతాయి. పాలలో నీళ్ళు కలిపినట్టు కావాలని కలిపారని నా అనుమానం. అలాంటిది కనిపిస్తే నేను మొహమాటపడలేదు, మొత్తానికే ఆపేశాను. సామాను తెచ్చే అబ్బాయి గుమ్మం ముందుకొచ్చి ఎలాగూ ఫోన్ చేస్తాడు. ఆ యాప్ నాకు చెప్పకపోతే కొంపలేం అంటుకోలేదు.

ఆటల యాప్, వార్తల యాప్ మొత్తం ఆఫ్. వార్తలు నేను పొద్దున్నే పేపర్లో చదువుకుంటాను, లేదా చదవను. ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా వేసుకున్న యాప్ ముందుగా "నోటిఫికేషన్లు పంపనా" అని అడగాలి. ఆ అడిగినప్పుడు మనం చూడకుండా Allow నొక్కేస్తాం చూశారూ, అదే దొంగకి తాళం చెవి ఇచ్చినట్టు. ఇప్పుడు నేను ముందు వద్దంటాను. నిజంగా కావాలనిపిస్తే తర్వాత ఇస్తాను.

ఒక్కచోట మాత్రం చెయ్యి అడ్డం పెట్టి చెప్తున్నాను. బ్యాంకు మెసేజ్‌లూ, డబ్బు కట్టే యాప్‌లో లావాదేవీల రకమూ ఆపకండి. మనకి తెలియకుండా ఖాతాలోంచి డబ్బు పోతే మొదట అరిచేది అదే. ఆ యాప్‌లో స్క్రాచ్ కార్డులు, క్యాష్‌బ్యాక్‌లు, స్నేహితుణ్ణి చేర్పించమనేవి వేరే మీటలుగా ఉంటే అవి ఆపుకోండి. కలిపేసి ఉంటే భరించాల్సిందే, తప్పదు.

ఇక వాట్సాప్. గ్రూపు పేరు నొక్కి మ్యూట్ అంటే ఎనిమిది గంటలా, వారమా, ఎప్పటికీనా అని అడుగుతుంది. అపార్ట్‌మెంట్ గ్రూపునీ కజిన్స్ గ్రూపునీ ఎప్పటికీ అన్నాను. మ్యూట్ చేస్తే గ్రూపులోంచి వెళ్ళిపోయినట్టు కాదు. మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి, మోగవు. మనం మ్యూట్ చేశామని అవతలివాళ్ళకి తెలియదు. ఈ మాట ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, మా పిన్ని ఒకావిడ నాలుగేళ్ళుగా రోజూ గుడ్‌మార్నింగ్ పూలు భరిస్తోంది, "మ్యూట్ చేస్తే వాళ్ళకి తెలిసి నొచ్చుకుంటారేమోనే" అని! రాత్రి అన్నాలయ్యాక ఒకసారి కూర్చుని అన్నీ చూస్తాను. పుట్టినరోజు శుభాకాంక్షలు రాత్రి తొమ్మిదింటికి చెప్పినా పిల్లవాడికి అదే వయసు వస్తుంది.

స్కూల్ తల్లుల గ్రూపు మాత్రం మ్యూట్ చేయలేని గ్రూపు. వానాకాలంలో హైదరాబాద్‌లో రేపు సెలవు అన్న కబురు ఏ రాత్రో వస్తుంది. కానీ ఆ ఒక్క కబురు వెనక "థాంక్యూ మేడమ్", "ఓకే మేడమ్", రెండు చేతుల దండాలు నలభై వస్తాయి. ఆ దండాల మధ్య అసలు కబురు తప్పిపోతుంది. నేను టీచరు గారిని నేరుగా కలిసి అడిగాను. గ్రూపు సెట్టింగ్స్‌లో మెసేజ్‌లు అడ్మిన్లు మాత్రమే పంపేలా ఒక మీట ఉంది, అది మారుస్తారా అని. ఆవిడ ఊపిరి పీల్చుకుని, "నాక్కూడా రాత్రి పదకొండింటిదాకా మోగుతుందండీ" అన్నారు. ఆవిడా ఒక ఇంటి ఇల్లాలే కదా. మరుసటిరోజే మార్చేశారు. మాట్లాడుకోవాలనుకునే తల్లులు వేరే గ్రూపు పెట్టుకున్నారు, అది నా దగ్గర మ్యూట్‌లో హాయిగా నిద్రపోతోంది. టీచర్ గ్రూపుకి మాత్రం వేరే మోత పెట్టుకున్నాను. ఆ మోత వినిపిస్తే పిండి చేతులతోనైనా వెళ్తాను.

ఇంతవరకూ చేసింది పొట్టు ఊదడం. అమ్మ ఫోన్ సంగతి ఇంకా మిగిలే ఉంది.

మధ్యాహ్నం గంటన్నర, రాత్రి ఏడున్నర గంటలు నా ఫోన్ మోగకూడదు, అమ్మ చేస్తే మాత్రం మోగాలి. దీనికే Do Not Disturb అని ఉంది. అర్ధచంద్రం గుర్తో, వృత్తంలో అడ్డగీతో ఉంటుంది. చాలామంది అదీ సైలెంటూ ఒకటే అనుకుంటారు. కాదు. సైలెంట్ అంటే గోడ. ఇది తలుపు, దీనికి మనం పెట్టుకున్న కాపలావాడు ఉంటాడు. కాకపోతే ఎవర్ని లోపలికి పంపాలో వాడికి మనం చెప్పాలి.

చెప్పేది ఇలా. ముందు కాంటాక్ట్స్‌లో అమ్మ పేరు తెరిచి పైన ఉన్న నక్షత్రం గుర్తు నొక్కాలి. తర్వాత Settings లో Notifications లోకి వెళ్తే Do Not Disturb ఉంటుంది. కొత్త ఫోన్లలో కొన్నిట్లో Modes అన్న పేరు కింద ఉంటుంది. అందులో Calls అన్నచోట Starred contacts ఎంచుకోవాలి, కొన్ని కంపెనీల ఫోన్లలో దాన్నే Favorite contacts అంటారు. Alarms ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే పొద్దున అలారం మోగక పిల్లల బస్ పోతుంది. ఇక వేళలు. నేను రాత్రి పది నుంచి పొద్దున అయిదున్నర దాకా ఒకటి, మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడింటి దాకా ఒకటి పెట్టాను. రోజూ మనం గుర్తు పెట్టుకుని ఆన్ చేయనక్కర్లేదు, అంతకంటే ముఖ్యంగా ఆఫ్ చేయడం మర్చిపోయే బాధ లేదు. ఆ రోజు నన్ను ముంచింది ఆ మరుపే. మూడు కాగానే తలుపు అదే తెరుచుకుంటుంది.

ఇదంతా చేసి గెలిచాననుకున్నాను. తెలివితక్కువతనం! మా వారు ఇంట్లో ఉన్న శనివారం ఒకసారి పరీక్ష పెట్టాను. మధ్యాహ్నం రెండింటికి అమ్మని చేయమన్నాను. మోగింది. సంబరపడ్డాను. తర్వాత పిన్నిగారిని చేయమన్నాను. మోగలేదు. అవును మరి, ఆవిడ పేరు మీద నక్షత్రం లేదు. ఆ శ్రావణమాసపు రోజే మళ్ళీ వస్తే ఏమయ్యేది? అమ్మ పడిపోయి ఫోన్ అందని చోట ఉంటే నాకు చేసేది ఎవరు? పిన్నిగారే. నా కాపలావాడు ఆవిడని గుమ్మంలోనే ఆపేసేవాడు.

అందుకని నా ఉద్దేశంలో నక్షత్రం పెట్టాల్సింది మనకి ఇష్టమైన వాళ్ళకి కాదు. మన వాళ్ళకి ఏదైనా అయితే మనకి కబురు చెప్పగలిగేవాళ్ళకి. నా జాబితా ఇప్పుడిది: అమ్మ, పిన్నిగారు, అమ్మ వాడే ఆటో అబ్బాయి, అత్తగారు, మా వారు, స్కూల్ ఆఫీసు, బస్ డ్రైవరు, మా వాచ్‌మన్, మా చెల్లి. తొమ్మిది. ప్రాణస్నేహితురాలికి లేదు. దానికి చెప్పాను కూడా, "నీ కబుర్లు మూడింటి తర్వాతే" అని. నవ్వింది. ముప్ఫై మందికి పెడితే పెట్టనట్టే.

ఇంకో గొడవ కూడా ఆ పరీక్షలోనే బయటపడింది. అత్తగారికి నక్షత్రం పెట్టినా మోగలేదు. చూస్తే ఆవిడ పేరు నా ఫోన్లో రెండుసార్లు ఉంది, పాత నంబరు ఒకచోట, కొత్త నంబరు ఒకచోట. నేను పాతదానికి పెట్టాను. మీరూ పేర్లు వెతికి చూసుకోండి, ఇద్దరు అమ్మలు, ముగ్గురు అత్తయ్యలు బయటపడతారు. రెండిట్నీ కలిపేసి ఒకే పేరు కింద రెండు నంబర్లూ ఉంచితే ఏ నంబరు నుంచి చేసినా మోగుతుంది. అలాగే వాట్సాప్ కాల్ చేయించి చూశాను, నా ఫోన్లో అది లోపలికి రాలేదు. అందుకని అమ్మకి చెప్పాను, అవసరమైతే మామూలు ఫోనే చెయ్యి, ఆకుపచ్చ గుర్తు జోలికి పోకు అని. ఇంకొకటి, పక్క బటన్‌తో రింగు మొత్తం తగ్గించేసి ఉంటే నక్షత్రం ఉన్నా మోగదు. కాపలావాడు తలుపు తీసినా గంటకి నాలుక లేకపోతే ఏం లాభం? ఇప్పుడు నేను ఆ బటన్ జోలికే పోను.

మరి తెలియని నంబరు? ఆస్పత్రి ల్యాండ్‌లైను, దారినపోయే ఎవరో పుణ్యాత్ముడి ఫోన్? దానికి repeat callers అని ఒక మీట ఉంది. ఒకే నంబరు నుంచి పదిహేను నిమిషాల్లో రెండోసారి చేస్తే ఆండ్రాయిడ్ లోపలికి వదులుతుంది. మా చెల్లిది ఐఫోన్. అందులో Focus కింద ఉంటుంది, మూడు నిమిషాల్లోపే రెండోసారి చేయాలి. ఐఫోన్‌లో ఇంకో మంచి పని ఉంది: ఆ మనిషి కాంటాక్ట్ తెరిచి Edit నొక్కి, Ringtone లోపల Emergency Bypass ఆన్ చేస్తే, ఫోన్ సైలెంట్‌లో ఉన్నా ఆ ఒక్కరికీ మోగుతుంది. చెల్లి డల్లాస్‌లో ఉంటుంది, మనకి పగలు వాళ్ళకి రాత్రి. అమ్మకి అలా పెట్టుకున్నాక అది కూడా ఫోన్ తలగడ కింద పెట్టుకుని ఉలికిపడి లేవడం మానేసింది. రెండోసారి చేసే లోన్ల వాళ్ళూ ఉంటారు, వాళ్ళూ లోపలికొస్తారు. ఒప్పుకున్నాను. ఆస్పత్రి ఫోన్ తప్పిపోవడం కంటే లోన్లవాడిమీద ఒకసారి విసుక్కోవడం నయం. అమ్మకీ పిన్నిగారికీ కూడా చెప్పి ఉంచాను, వేరే ఎవరి ఫోన్ నుంచైనా చేస్తే వెంటనే ఇంకోసారి చేయమని. సెట్టింగు మన ఫోన్లో ఉంటే సరిపోదు, అవతలివాళ్ళకి తెలియాలి. అమ్మ తరం వాళ్ళు ఒకసారి ఎత్తకపోతే "పనిలో ఉందిలే" అని ఊరుకుంటారు, ఆ మొహమాటాన్ని ఏ మీటా తీయలేదు.

ఇప్పుడు నా అసలు కోపం.

ఇదంతా చేశాక మా వారు చూసి ఏమన్నారంటే, "ఇంట్లో ఉండేదానివి, నీకెందుకు డు నాట్ డిస్టర్బ్?" వెటకారం కాదు, నిజంగానే అడిగారు. ఆయన దృష్టిలో డిస్టర్బ్ అవడానికి మీటింగు ఉండాలి. బల్ల ఉండాలి, కుర్చీ ఉండాలి. వంటింట్లో నుంచున్న మనిషికి చెడిపోయే ధ్యాస ఏముంటుంది?

నేను ఆ రోజు గొడవ పడలేదు. క్యాలెండర్ వెనక ఇంకో లెక్క రాసి చూపించాను. మా ఇంట్లో ఏ పనికి ఎవరి నంబరు ఇచ్చామో. గ్యాస్, నాది. కరెంటు బిల్లు, నాది. స్కూల్ యాప్, బస్ యాప్, పిల్లల డాక్టరు అపాయింట్‌మెంట్, పాలవాడు, అపార్ట్‌మెంట్ గ్రూపు, పెళ్ళి పిలుపుల గ్రూపు, మా ఇంటివైపువి, వాళ్ళింటివైపువి కూడా, నావి. ఆయన ఫోన్‌కి వచ్చేది ఆఫీసు, ఆయన స్నేహితులు. ఆయన ఫోన్ ప్రశాంతంగా ఉందంటే అది ఆయన క్రమశిక్షణ కాదు. ఆయన మోత కూడా నా ఫోన్లో మోగుతోంది!

ఏ యాప్ సెట్టింగ్స్‌లోనూ లేని మీట ఇది. యాప్‌లని ఎంత చెరిగినా, నిజంగా అవసరమైన కబుర్లన్నీ ఒక్క మనిషికే వస్తే ఆ మనిషికి విశ్రాంతి ఉండదు. పైగా ఇవి ఆపేయకూడనివి. ఆపలేం కాబట్టి పంచుకోవాలి. ఆడవాళ్ళం మనం కూడా ఇందులో కొంత తప్పు చేస్తాం, ఒప్పుకోవాలి. ఫారంలో నంబరు అడగ్గానే మనదే గబగబా చెప్పేస్తాం, "ఆయన ఎత్తరండీ" అంటూ. ఎత్తరు, ఎందుకంటే ఎత్తాల్సిన అవసరం మనం రానివ్వలేదు.

ఆ ఆదివారం ఇద్దరం కూర్చుని మార్చాం. కరెంటు బిల్లు, గ్యాస్ ఆయన నంబరుకి మారాయి. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆయన్ని చేర్పించి నేను బయటికొచ్చాను. మొదటి మూడురోజులు ట్యాంకర్ గొడవ ఆఫీసులో మోగుతుంటే ఆయన మొహం చూడాల్సింది. నాలుగో రోజు నా దగ్గరికే వచ్చి "ఇది మ్యూట్ ఎలా చేయాలి?" అన్నారు. చూపించాను. స్కూల్ వాళ్ళ దగ్గర రెండో నంబరుగా ఆయనది ఇచ్చి, స్కూల్ ఆఫీసుకి ఆయన ఫోన్లో కూడా నక్షత్రం పెట్టించాను. మీటింగులో ఉన్నా స్కూల్ వాళ్ళు చేస్తే ఇప్పుడు ఆయన ఫోన్ మోగుతుంది. రెండువారాల క్రితం మావాడికి కడుపునొప్పి వస్తే స్కూల్ వాళ్ళు ముందు నాకు చేశారు, నేను బజార్లో రొదలో వినలేదు, తర్వాత ఆయనకి చేశారు. ఆయనే వెళ్ళి తెచ్చారు. ఆకాశం కింద పడలేదు. ఆఫీసూ ఆగలేదు.

గ్యాస్ ఓటీపీ మాత్రం ఇంకా చిక్కే. సిలిండర్ వచ్చేసరికి ఇంట్లో ఉండేది నేను, ఓటీపీ వచ్చేది ఆయనకి. రెండుసార్లు ఆయనకి ఫోన్ చేసి అడగాల్సి వచ్చింది. ఆయన "నీ నంబరే ఉంచితే పోయేదిగా" అన్నారు. అది ఒక్కటీ వెనక్కి తీసుకున్నాను, న్యాయమే కాబట్టి. మిగతావి ఇవ్వలేదు.

మొన్న మళ్ళీ ఆ లెక్క తెరిచి చూశాను. రోజుకి 214 కాస్తా, మోగేవి వరకూ చూస్తే ఇరవై లోపు. వాట్సాప్ మెసేజ్‌లు ఏమీ తగ్గలేదు, అవి వస్తూనే ఉన్నాయి, నేను వెళ్ళినప్పుడు చూస్తాను. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడు దాకా పడుకుంటున్నాను అనుకునేరు, ఎక్కువరోజులు పుస్తకం చదువుతున్నాను.

అమ్మ చెయ్యి అతుక్కుంది, కాస్త వంకర మిగిలింది, బిందె ఎత్తలేదు. నెలకోసారి, ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, ఇద్దరం అనుకున్న ప్రకారం అమ్మ నాకు ఒక కాల్ ఇస్తుంది. తర్వాత పిన్నిగారు ఒకటి. ఫోన్ అప్‌డేట్ అయినప్పుడల్లా ఈ సెట్టింగులు ఎటు పోతాయోనని నా భయం, అందుకే ఈ పరీక్ష. మొన్నటి ఆదివారం అమ్మది మోగింది. పిన్నిగారిది మోగలేదు. గుండె ఝల్లుమని నేనే తిరిగి చేస్తే, ఆవిడ తీరిగ్గా ఎత్తి, "నువ్వు చేయమన్న సంగతి మర్చిపోయి ఆవకాయ కలుపుతున్నానే తల్లీ, ఉండు, చేతులు కడుక్కుని చేస్తా" అన్నారు.